టూ పవర్ జీరో ఒకటి ఎలా అవుతుంది? పవర్ల రూల్స్ అసలు ఎందుకు పనిచేస్తాయి?

కొత్తపలక

అందరికీ నమస్కారం. నేను చదువు ఆపేసి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు ఒక పరీక్ష కోసం లెక్కలు మళ్లీ మొదటి నుంచి చూసుకుంటున్నాను. ఘాతాంకాల దగ్గర ఆగిపోయాను. రూల్స్ నోటికి వచ్చు. గుణిస్తే పవర్లు కూడాలి, భాగిస్తే తీసెయ్యాలి, పవర్ మీద పవర్ ఉంటే గుణించాలి. కానీ లెక్క చేసేటప్పుడు అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. నిన్న 2³ × 2⁴ కి 4⁷ అని రాశాను. మొన్న అదే లెక్కకి 2¹² అని రాశాను. రెండూ తప్పేనట.

అంతకన్నా పెద్ద చిక్కు 2⁰ = 1 అన్నది. రెండుని మూడుసార్లు వేసి గుణిస్తే 2³ అన్నారు, బాగానే ఉంది. మరి సున్నాసార్లు వేస్తే అక్కడ ఏమీ లేదు కదా? సున్నా రావాలి కదా? ఇక 2⁻³ అయితే తలే తిరుగుతోంది. మైనస్ మూడుసార్లు గుణించడమంటే ఏమిటి? "అది రూల్, అంతే" అనకుండా ఎవరైనా విడమరిచి చెప్పండి.

పరుగుబండి

అన్నా, టెన్షన్ పడకు. దీనికి చిట్కా ఉంది. "గుణిస్తే కూడు, భాగిస్తే తీసెయ్, మీదెక్కితే గుణించు." రోజుకి పదిసార్లు పైకి అను, వారంలో పట్టుబడుతుంది. నేనలాగే గట్టెక్కాను.

కొత్తపలక

థాంక్స్ తమ్ముడూ. కానీ ఆ ముక్కలు నాకు ఇప్పటికే నోటికి వచ్చు. అవి ఎందుకు నిజమో తెలియకే తడబడుతున్నాను.

పాతమాస్టారు

కొత్తపలక గారూ, మీరు అడిగినవి రెండు వేరు వేరు ప్రశ్నలు. మొదటిది లెక్కపెడితే తేలిపోతుంది. రెండోది, అంటే సున్నా, మైనస్ సంగతి, లెక్కపెట్టడంతో తేలదు. ఆ తేడా చెప్పకుండా రెండూ ఒకే గాటన కట్టి చెప్పేస్తారు కాబట్టే మీలాంటి వాళ్లకి అనుమానం మిగిలిపోతుంది.

ముందు మొదటిది. 2³ × 2⁴ ని పవర్లు లేకుండా విప్పి రాయండి.

(2 × 2 × 2) × (2 × 2 × 2 × 2)

అంతా గుణకారమే కాబట్టి బ్రాకెట్లు ఉన్నా లేకపోయినా ఒకటే. తీసెయ్యండి. ఇప్పుడు వేలు పెట్టి రెండ్లు లెక్కపెట్టండి. ఏడు. అదే 2⁷. మూడూ నాలుగూ ఎందుకు కూడామంటే, రెండు గుంపుల్లో ఉన్న రెండ్లన్నీ కలిపి ఎన్నో చూశాం కాబట్టి. ఇందులో కొత్త రూల్ ఏమీ లేదు, లెక్కపెట్టడం తప్ప.

4⁷ ఎందుకు కాదో ఆ వరుసలోనే కనిపిస్తుంది. అందులో ఎక్కడైనా 4 అనే అంకె ఉందా? లేదు. ఉన్నవన్నీ రెండ్లే. పవర్ కింద ఉండే అంకెని భూమి అంటారు, అది మారడానికి కారణమే లేదు. అనుమానం వస్తే విలువలు వేసి చూడండి. 8 × 16 = 128. 2⁷ కూడా 128. 4⁷ అయితే 16384, ఎక్కడో పైన ఉంది.

మీ 2¹² కూడా గాలిలోంచి రాలేదు. అది వేరే ప్రశ్నకి జవాబు. (2³)⁴ అంటే 2³ అనే ముక్కని నాలుగుసార్లు వేసి గుణించడం. ఒక్కో వరుసలో మూడు రెండ్లు చొప్పున నాలుగు వరుసలు రాసుకోండి.

2 × 2 × 2
2 × 2 × 2
2 × 2 × 2
2 × 2 × 2

మొత్తం పన్నెండు రెండ్లు. అందుకే అక్కడ గుణించాలి. ఇకమీదట ఏ రూల్ వాడాలో తోచకపోతే విప్పి రాయండి. చిన్న పవర్లయితే అర నిమిషం పని.

కొత్తపలక

మాస్టారూ, ఆ నాలుగు వరుసలు చూడగానే అర్థమైంది. మరి 2³ + 2⁴ అయితే? అది కూడా 2⁷ ఎందుకు కాదు?

పాతమాస్టారు

దాన్నీ విప్పండి. మధ్యలో ప్లస్ అడ్డంగా ఉంటుంది. రెండ్లన్నీ ఒకే గుణకారపు వరుసలోకి రావు కాబట్టి లెక్కపెట్టి లాభం లేదు. 8 + 16 = 24, అంతే. 24 అసలు రెండుకి ఏ పూర్ణాంక పవరూ కాదు.

సగంచంద్రుడు

సున్నా సంగతి నేను చెప్తాను, చాలా సులువు. పైనుంచి కిందికి దిగండి.

2⁴ = 16
2³ = 8
2² = 4
2¹ = 2

పవర్ ఒకటి తగ్గినప్పుడల్లా విలువ సగం అవుతోంది. రెండులో సగం ఒకటి కాబట్టి 2⁰ = 1. ఒకటిలో సగం ½ కాబట్టి 2⁻¹ = ½. తర్వాత ¼, ఆ తర్వాత ⅛. పవర్ తగ్గితే సగం, ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ నంబర్‌కైనా పనిచేస్తుంది.

నీలిసిరా

చంద్రుడు గారూ, మెట్లు దిగడం బాగుంది కానీ చివరి మాట సరికాదు. సగం అయ్యేది భూమి 2 అయినప్పుడే. 3 తీసుకుంటే 27, 9, 3, తర్వాత 1. ప్రతి మెట్టుకీ మూడో వంతు అవుతోంది. 10 అయితే పదో వంతు. ఒక మెట్టు దిగడమంటే భూమితో ఒకసారి భాగించడం.

సగంచంద్రుడు

అవునండీ, రెండు మీదే ఆలోచిస్తూ రాసేశాను. భూమితో భాగించడం అనాలి.

కొత్తపలక

మెట్లు అర్థమయ్యాయి. కానీ మనసుకి ఎక్కడో ఒప్పుకోవడం లేదు. సున్నాసార్లు రెండుని వేశాను. ఏమీ లేదు. ఆ "ఏమీ లేదు" ఒకటి ఎలా అయింది?

పాతమాస్టారు

మంచి పట్టు పట్టారు. భాగహారం చేస్తే ఆ చోటు కళ్లముందే కనిపిస్తుంది. 2⁵ ÷ 2³ ని భిన్నంగా రాయండి. లవంలో అయిదు రెండ్లు, హారంలో మూడు రెండ్లు. పైన ఒకటి, కింద ఒకటి జతగా కొట్టేస్తాం. మూడు జతలు పోయి పైన రెండు రెండ్లు మిగిలాయి. అదే 2². భాగిస్తే పవర్లు తీసెయ్యాలన్న మాట అక్కడిదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కొట్టేసిన జత ఏమైంది? చాలామంది అది మాయమై సున్నా అయిందనుకుంటారు. కాదు. 2 ని 2 తో భాగిస్తే 1. ప్రతి కొట్టివేత వెనకా ఒక 1 ఉంది. గుణకారంలో 1 ఉన్నా విలువ మారదు కాబట్టి మనం దాన్ని రాయం, అంతే.

ఇప్పుడు 2³ ÷ 2³ చెయ్యండి. మూడు జతలూ కొట్టేశారు. రెండ్లు ఒక్కటీ మిగల్లేదు. కానీ కాగితం మీద మిగిలింది 1 × 1 × 1. అంటే 1. మీరు "ఏమీ లేదు" అంటున్నది రెండ్ల గురించి. రెండ్లు లేవు, నిజమే. విలువ మాత్రం 1.

ఇంకోలా చూడండి. కూడిక మొదలుపెట్టేటప్పుడు చేతిలో 0 ఉంటుంది, ఎందుకంటే 0 కి ఏది కూడినా అదే వస్తుంది. గుణకారం మొదలుపెట్టేటప్పుడు చేతిలో 0 ఉంటే మొత్తం సున్నా అయిపోతుంది. అక్కడ 1 తోనే మొదలుపెట్టాలి. 2³ ని 1 × 2 × 2 × 2 అని రాసుకోండి. ఒక్కో రెండూ తీసేస్తూ రండి. చివరికి ఆ 1 మిగులుతుంది.

కోడుగూడు

అంటే ఇది నిరూపణ అయిపోయినట్టే కదా మాస్టారూ? 2³ ÷ 2³ = 1. రూల్ ప్రకారం 2³⁻³ = 2⁰. కాబట్టి 2⁰ = 1.

పాతమాస్టారు

అక్కడే నేను కాస్త అడ్డుపడతాను. తీసివేత రూల్ మనకి ఎలా వచ్చింది? పైన రెండ్లు ఎక్కువ, కింద తక్కువ ఉన్నప్పుడు లెక్కపెట్టి తెచ్చుకున్నాం. పైనా కిందా సమానంగా ఉన్నప్పుడు కూడా అదే రూల్ నడుస్తుందని మీరు మధ్యలో అనేసుకున్నారు. కానీ అప్పటికి 2⁰ అనే గుర్తుకి మనం అర్థమే ఇవ్వలేదు. సున్నాసార్లు రాయడమంటే ఏమిటో లెక్కపెట్టడం చెప్పదు. అర్థం మనం ఇవ్వాలి.

మరి ఏ అర్థం ఇవ్వాలి? ఇష్టమొచ్చింది ఇవ్వచ్చు, కానీ కూడిక రూల్ చెడకూడదని ఒక షరతు పెట్టుకున్నాం అనుకోండి. ఆ రూల్ ప్రకారం 2⁰ × 2³ = 2³ కావాలి. అంటే ఏదో ఒక సంఖ్యని 8 తో గుణిస్తే మళ్లీ 8 రావాలి. ఆ పని చేసేది 1 ఒక్కటే. 0 పెట్టి చూడండి, ఎడమవైపు 0 వస్తుంది, కుడివైపు 8 ఉంది. రూల్ అక్కడే విరిగిపోయింది.

మైనస్ కూడా ఇదే దారిలో వస్తుంది. 2⁻³ × 2³ = 2⁰ కావాలి, అంటే 1. 8 తో గుణిస్తే 1 వచ్చేది ఏది? ⅛. కాబట్టి 2⁻³ = ⅛. "మైనస్ మూడుసార్లు గుణించడం" అని ఊహించుకోనక్కర్లేదు. మూడు రెండ్లని రద్దు చేసేది అనుకుంటే చాలు.

కోడుగూడు

మీరు చెప్పింది అర్థమైంది. అయినా దీన్ని నిర్ణయం అనడం నాకు నచ్చడం లేదు. వేరే దారే లేనప్పుడు అది కనుక్కున్నట్టే కదా?

పాతమాస్టారు

షరతు పెట్టుకోవడం మన చేతిలో ఉంది. పెట్టుకున్నాక జవాబు మన చేతిలో లేదు. దాన్ని ఏమని పిలవాలో మీ ఇష్టం.

ఈ ఆలోచన పాతదే. 1544 లో జర్మనీకి చెందిన మైఖేల్ స్టీఫెల్ తన అంకగణితం పుస్తకంలో ఒక చిన్న పట్టిక వేశాడు. పై వరుసలో −3 నుంచి 6 దాకా అంకెలు, వాటి కింద ⅛, ¼, ½, 1, 2, 4, ఇలా 64 దాకా. పై వరుసలో కూడితే కింది వరుసలో గుణించినట్టు. పైన −1, 4 తీసుకుని కూడితే 3. కింద ½, 16 గుణిస్తే 8. 3 కింద ఉన్నది 8 ఏ. మీరూ కాగితం మీద ఆ రెండు వరుసలు గీసి, ఏ రెండు గళ్లయినా పట్టుకుని చూడండి. 0 కింద 1 బదులు ఇంకేది పెట్టినా ఆట చెడిపోతుంది.

నీలిసిరా

నాకు మైనస్ పవర్లు అర్థమైంది పుస్తకంలో కాదు, ల్యాబ్‌లో. నేను బ్యాక్టీరియా లెక్కపెట్టే పని చేస్తాను. అసలు శాంపిల్‌లో అవి ఎన్ని ఉంటాయంటే నేరుగా లెక్కపెట్టడం కుదరదు. అందుకని పలుచన చేస్తూ పోతాం. శాంపిల్ నుంచి 1 మిల్లీలీటర్ తీసి 9 మిల్లీలీటర్ల శుభ్రమైన ద్రవంలో కలుపుతాం. ఆ ట్యూబ్ మీద 10⁻¹ అని రాస్తాం. దాన్నుంచి 1 మిల్లీలీటర్ మరో 9 లోకి, అది 10⁻². ఇలా ఆరు ట్యూబులు.

ఏమీ కలపని అసలు శాంపిల్ మీద ఏం రాస్తామో తెలుసా? 10⁰. దాన్ని సున్నాసార్లు పలుచన చేశాం. అంటే అందులో బ్యాక్టీరియా లేవని కాదు కదా, ఉన్నది ఉన్నట్టు, ఒక వంతుకి ఒక వంతు ఉంది. 10⁰ = 1 అంటే నాకు ఆ ట్యూబే గుర్తొస్తుంది.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో చెప్తాను. ఆరో ట్యూబ్ నుంచి 1 మిల్లీలీటర్ ప్లేట్ మీద వేస్తే 42 మచ్చలు పెరిగాయనుకోండి. ఒక్కో మచ్చా ఒక్కో బ్యాక్టీరియా నుంచి పెరిగిందని లెక్క. అసలు శాంపిల్‌లో ఎన్ని? 42 ని 10⁻⁶ తో భాగించాలి. కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి గుణించేసి 42 × 10⁻⁶ అని రాసింది. తప్పు పట్టుకోవడానికి రూల్ అక్కర్లేదు. బాగా పలుచన చేసిన దాంట్లోనే 42 ఉంటే చిక్కగా ఉన్న దాంట్లో అంతకంటే ఎక్కువ ఉండాలి, ఒకటి కన్నా తక్కువ ఎలా ఉంటుంది? 10⁻⁶ తో భాగించడమంటే ఆ పలుచనని రద్దు చేయడం, అంటే 10⁶ తో గుణించడం. మిల్లీలీటర్‌కి 4 కోట్ల 20 లక్షలు.

కొత్తపలక

నీలిసిరా మేడం, 10⁰ ట్యూబ్ మాట నాకు బాగా నాటుకుంది. నేనింకో తప్పు కూడా చేస్తున్నానని ఇప్పుడే తెలిసింది. 2⁻³ అంటే −8 అనుకునేవాడిని. మైనస్ ఉంది కాబట్టి జవాబు కూడా మైనస్‌లోకి వెళ్తుందనుకున్నాను.

సగంచంద్రుడు

మెట్లు చూడండి. ½, ¼, ⅛, 1/16... ఎంత దిగినా సగం చేస్తున్నామే తప్ప సున్నాని కూడా తాకడం లేదు. సున్నా దాటి కిందికి ఎలా పోతుంది? పైన ఉన్న మైనస్ మెట్టు నంబర్‌ది, విలువది కాదు. (ఈసారి భూమి 2 అని చెప్పే రాస్తున్నాను.)

పరుగుబండి

మరి సున్నాకి సున్నా పవర్ వేస్తే? ఏ సంఖ్యకైనా పవర్ జీరో 1 అన్నారు కదా. సున్నాకి ఏ పవర్ వేసినా సున్నా అని కూడా అంటారు. ఏది నమ్మాలి?

కోడుగూడు

నేను పైథాన్‌లో వేసి చూశాను.

```
>>> 0**0
1
>>> 2**-3
0.125
```

తర్వాత `0**-1` వేస్తే ZeroDivisionError అని వచ్చింది. కాబట్టి జవాబు 1.

నీలిసిరా

నేను ఎక్సెల్‌లో =0^0 వేస్తే #NUM! అని ఎర్రర్ చూపించింది. మరి ఏది సరి?

పాతమాస్టారు

ముందు ఎర్రర్ వచ్చిన `0**-1` సంగతి. 0⁻¹ అంటే 1 ని 0 తో భాగించాలి, అది కుదరదు. అక్కడ తగవు లేదు. అందుకే మైనస్ పవర్లు మాట్లాడినప్పుడల్లా భూమి సున్నా కాకూడదని అంటాం.

0⁰ దగ్గర మన వాదన పట్టు తప్పుతుంది. 2⁰ కి ఏం చేశాం? ఏదో ఒకటి ఇంటూ 8 మళ్లీ 8 కావాలన్నాం, అందుకు 1 ఒక్కటే కుదిరింది. ఇక్కడ ఏదో ఒకటి ఇంటూ 0 మళ్లీ 0 కావాలి. ఏ సంఖ్య పెట్టినా కుదురుతుంది. అంటే మన షరతు ఇక్కడ ఏదీ తేల్చలేదు. బహుపదులు రాసేటప్పుడు 1 అనుకుంటేనే సూత్రాలు సాఫీగా నడుస్తాయి కాబట్టి అక్కడ 1 అంటారు. అవధుల లెక్కల్లో అయితే రెండూ సున్నా వైపు ఎలా పోతున్నాయన్న దాన్ని బట్టి వేరే జవాబులూ వస్తాయి, అందుకని అక్కడ అనిశ్చిత రూపం అంటారు. మీ పరీక్ష పుస్తకం ఏమంటే అది రాయండి. నేనైతే పిల్లలకి భూమి సున్నా కానప్పుడే ఈ రూల్ అని చెప్పి ముందుకి పోయేవాణ్ణి.

కోడుగూడు

నా ఓటు ఇప్పటికీ 1 కే. ఖాళీ గుణకారం 1 అని మీరే అన్నారు కదా మాస్టారూ, అందులో భూమి ఏదైతే ఏం?

పాతమాస్టారు

ఆ మాటలో బలం ఉంది, కాదనను.

కొత్తపలక

ఇవాళ పుస్తకంలో ఒక లెక్క చేశాను, చూడండి.

(3⁴ × 3⁻⁶) ÷ 3⁻³

పైన 4, −6 కూడితే −2. భాగహారం కాబట్టి మూడు తీసేశాను. −2 − 3 = −5. కాబట్టి 3⁻⁵. వెనక జవాబు 3 అని ఉంది. ఎక్కడ తప్పానో దొరకడం లేదు.

నీలిసిరా

మీరు తీసేసింది మూడుని. అక్కడున్నది మైనస్ మూడు. నా ప్లేట్ లెక్కలో ఆ అమ్మాయి తడబడిన చోటే ఇది. పలుచనతో భాగిస్తే చిక్కబడాలి. మీకేమో ఇంకా పలుచన అయిపోయింది.

పాతమాస్టారు

విలువలు వేసి చూసుకోండి. 3⁴ = 81. 3⁻⁶ = 1/729. రెండూ గుణిస్తే 1/9. ఇక్కడి దాకా మీ −2 సరిపోయింది. ఇప్పుడు 3⁻³ అంటే 1/27. 1/9 లో 1/27 లు ఎన్ని ఉన్నాయి?

కొత్తపలక

1/9 ని 27 తో గుణిస్తే 3. అంటే −2 − (−3) = −2 + 3 = 1. 3¹.

బ్రాకెట్ పెట్టకుండా రాయడం వల్ల మైనస్ మింగేశాను. ఇప్పుడు అదే లెక్కని విప్పి కూడా చేశాను. పైన నాలుగు మూళ్లు. 3⁻⁶ వల్ల కింద ఆరు మూళ్లు. హారంలో ఉన్న 3⁻³ ని తిరగేస్తే పైకి మూడు మూళ్లు వచ్చాయి. పైన ఏడు, కింద ఆరు. ఆరు జతలు కొట్టేస్తే ఆరు ఒకట్లు, ఒక 3.

మాస్టారూ, ఇంకొక్కటి. పవర్ సగం ఉంటే? 2 పవర్ ½ అని తర్వాతి పేజీలో కనబడింది. సగంసార్లు ఎలా రాస్తాం?

పాతమాస్టారు

రాయలేం. మళ్లీ అదే షరతు పెట్టండి. దాన్ని దానితోనే గుణిస్తే పవర్లు కూడాలి. ½, ½ కూడితే?

కొత్తపలక

1. అంటే దాన్ని దానితోనే గుణిస్తే 2 రావాలి. రెండు వర్గమూలమా?

పాతమాస్టారు

అదే.